సంఘం ఖాతాలో ఉన్నదంతా సంఘం ఖర్చుకేనా? షరతు నిధులు, సాధారణ నిధుల లెక్క

ఏటా సర్వసభ్య సమావేశంలో కోశాధికారి జమాఖర్చులు చదువుతారు. చివరికి "బ్యాంకులో ఇంత నిల్వ ఉంది" అని చెప్పగానే అందరూ చప్పట్లు కొడతారు. ఆ నిల్వలో సంఘం తన ఇష్టప్రకారం ఖర్చు పెట్టుకోగలిగినది ఎంత, ఎవరో ఒక పని కోసం నమ్మి ఇచ్చింది ఎంత అన్నది మాత్రం చాలా చోట్ల ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. లెక్కల్లో దొంగతనం ఏమీ జరగకపోయినా, ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేకపోవడం వల్లనే స్కాలర్‌షిప్ డబ్బు ఉగాది పందిరికి వెళ్ళిపోతుంది, భవనం కోసం పోగైన చందా అద్దెల్లో కరిగిపోతుంది. ఆ తర్వాత సంఘం రెండు ముక్కలవుతుంది.

ధర్మ సంస్థల లెక్కల్లో దీనికి ఒక పద్ధతి ఉంది. ఆంగ్లంలో ఫండ్ అకౌంటింగ్ అంటారు. మనం నిధులవారీ లెక్క అనుకోవచ్చు. వ్యాపారి లెక్క "ఎంత లాభం" అని అడుగుతుంది. నిధులవారీ లెక్క "ఎవరు దేనికి ఇచ్చారు, దానికే ఖర్చయిందా, ఇంకా ఎంత మిగిలింది" అని అడుగుతుంది. కర్ణాటకలోనైనా, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలోనైనా సొసైటీగానో ట్రస్టుగానో నమోదైన ఏ తెలుగు సంఘానికైనా ఇది పనికొస్తుంది.

షరతు ఎవరు పెట్టారు?

సంఘానికి వచ్చే డబ్బును విడదీయడానికి ఒకే ప్రశ్న చాలు: దీన్ని దేనికి వాడాలో నిర్ణయించింది ఇచ్చినవారా, మన కార్యవర్గమా?

సభ్యత్వ రుసుము, "సంఘానికి నా వంతు" అని ఇచ్చిన చందా, సాధారణ ఖాతా మీద వచ్చిన బ్యాంకు వడ్డీ వంటివాటికి ఏ షరతూ లేదు. సంఘం నియమావళిలో ఉన్న ఏ పనికైనా వాడుకోవచ్చు. ఇది సాధారణ నిధి. ఆడిటర్లు అన్‌రిస్ట్రిక్టెడ్ ఫండ్ అనీ, జనరల్ ఫండ్ అనీ అంటారు.

"పిల్లలకు తెలుగు నేర్పే పంతులుగారి జీతానికి మాత్రమే" అని ఒకరు డబ్బు ఇస్తే అది షరతు నిధి, అంటే రిస్ట్రిక్టెడ్ ఫండ్. షరతు ఎప్పుడూ ఉత్తరం రూపంలోనే రావాలని లేదు. "సొంత భవనానికి చేయూతనివ్వండి" అని సంఘమే కరపత్రం వేసి వసూలు చేస్తే, ఆ పిలుపే షరతు. దాత ఏమీ రాయకపోయినా ఆ డబ్బు భవనానిదే.

షరతు నిధుల్లోనే మరింత గట్టిది మూలనిధి, అంటే కార్పస్. "అసలు కదపకండి, వడ్డీతో ఏటా స్కాలర్‌షిప్ ఇవ్వండి" అన్నది దీని తీరు. ఇక్కడ రెండు లెక్కలు ఉంటాయి. అసలు ఎప్పటికీ అలాగే ఉండే మూలనిధి ఒకటి, దాని వడ్డీతో ఏర్పడే ఖర్చు నిధి మరొకటి. వడ్డీ కూడా స్వేచ్ఛగా వాడుకునేది కాదు, స్కాలర్‌షిప్‌కే చెందుతుంది.

ఎక్కువమంది తికమకపడేది నాలుగో రకం దగ్గర. కార్యవర్గమే సమావేశమై "వచ్చే ఏడు రజతోత్సవానికి యాభై వేలు పక్కన పెడదాం" అని తీర్మానం చేస్తుంది. ఇది షరతు నిధి కాదు. పెట్టింది కార్యవర్గం కాబట్టి, కార్యవర్గమే మరో తీర్మానంతో దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. దీన్ని కేటాయింపు అనాలి, సాధారణ నిధిలో ఒక భాగంగానే చూపాలి. దీన్ని షరతు నిధుల వరుసలో చూపిస్తే సంఘం చేతిలో స్వేచ్ఛగా ఉన్న డబ్బు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. దాతల షరతు డబ్బును "కేటాయింపు" అని రాస్తే కార్యవర్గం తీర్మానం చేసి వాడేసుకోవచ్చన్న భ్రమ కలుగుతుంది. రెండో తప్పే ఎక్కువ ప్రమాదం.

ఒక సంవత్సరం లెక్క

లెక్క చూపడానికి ఒక సంఘాన్ని ఊహించుకుందాం. అద్దె హాలులో నడుస్తోంది. ఆదివారాలు తెలుగు బడి ఉంది. ఒక కుటుంబం పది లక్షలు మూలనిధిగా ఇచ్చి, వడ్డీతో పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్ ఇవ్వమంది. సొంత భవనం కోసం కొన్నేళ్ళుగా వసూలు సాగుతోంది.

ఏప్రిల్ 1న సాధారణ నిధిలో రూ. 3,00,000, భవన నిధిలో రూ. 4,00,000, స్కాలర్‌షిప్ మూలనిధిలో రూ. 10,00,000, నిరుటి వడ్డీలో మిగిలిన స్కాలర్‌షిప్ ఖర్చు నిధిలో రూ. 20,000 ఉన్నాయి. మొత్తం రూ. 17,20,000.

సంవత్సరంలో సభ్యత్వాలు రూ. 1,20,000, ఉగాది చందాలు రూ. 2,50,000, పొదుపు ఖాతా వడ్డీ రూ. 10,000 వచ్చాయి. ఇవి కలిపి సాధారణ నిధికి రూ. 3,80,000. ఒక దాత తెలుగు బడి పంతులుగారి గౌరవ వేతనానికి, రెండేళ్ళకు సరిపడా రూ. 3,00,000 ఒకేసారి ఇచ్చారు. మూలనిధి మీద ఎఫ్‌డీ వడ్డీ రూ. 70,000 వచ్చింది. భవన నిధికి చందాలు రూ. 2,30,000, ఆ నిధి ఎఫ్‌డీ మీద వడ్డీ రూ. 20,000 వచ్చాయి.

ఖర్చు వైపు హాలు అద్దె, కార్యాలయం రూ. 1,80,000, ఉగాది, సంక్రాంతి వేడుకలు రూ. 2,60,000, ఆడిట్, చిల్లర ఖర్చులు రూ. 40,000. ఈ రూ. 4,80,000 సాధారణ నిధి మీద పడేవి. పంతులుగారికి ఇచ్చింది రూ. 1,20,000. స్కాలర్‌షిప్‌లు రూ. 60,000.

ఇప్పుడు ఇదంతా ఒకే వరుసలో రాసి చూడండి. వచ్చింది రూ. 10,00,000. ఖర్చయింది రూ. 6,60,000. మిగులు రూ. 3,40,000. సమావేశంలో ఇది చదివితే కార్యవర్గాన్ని అభినందిస్తారు. వచ్చే ఉగాదికి పేరున్న గాయకుణ్ణి పిలుద్దామని ఎవరో ఒకరు అంటారు కూడా.

అదే లెక్కను నిధులవారీగా రాస్తే ఇలా ఉంటుంది:

| నిధి | ఏప్రిల్ 1 నిల్వ | వచ్చింది | ఖర్చు | మార్చి 31 నిల్వ |
|---|---|---|---|---|
| సాధారణ నిధి | 3,00,000 | 3,80,000 | 4,80,000 | 2,00,000 |
| తెలుగు బడి నిధి | 0 | 3,00,000 | 1,20,000 | 1,80,000 |
| స్కాలర్‌షిప్ ఖర్చు నిధి | 20,000 | 70,000 | 60,000 | 30,000 |
| భవన నిధి | 4,00,000 | 2,50,000 | 0 | 6,50,000 |
| స్కాలర్‌షిప్ మూలనిధి | 10,00,000 | 0 | 0 | 10,00,000 |
| మొత్తం | 17,20,000 | 10,00,000 | 6,60,000 | 20,60,000 |

చివరి వరుస పాత లెక్కే, ఒక్క రూపాయి మారలేదు. మొదటి వరుస మాత్రం వేరే సంగతి చెబుతోంది. సంఘం తన సొంత కార్యక్రమాల మీద ఈ ఏడాది లక్ష రూపాయలు లోటు చేసింది. మూడు లక్షల నలభై వేల మిగులంతా తెలుగు బడికి, భవనానికి, స్కాలర్‌షిప్‌కు చెందినది. ఇదే తీరు ఇంకో రెండేళ్ళు నడిస్తే సాధారణ నిధి సున్నా అవుతుంది. ఆ రోజుకు కూడా బ్యాంకు ఖాతాలో లక్షలు కనిపిస్తూనే ఉంటాయి.

రజతోత్సవానికి పెట్టిన యాభై వేల కేటాయింపు ఈ పట్టికలో విడిగా లేదని గమనించండి. సాధారణ నిధి రెండు లక్షల కింద చిన్న వివరణగా "ఇందులో రజతోత్సవ కేటాయింపు 50,000, మిగతాది 1,50,000" అని రాస్తే చాలు.

ఆదాయ వ్యయ పట్టికలో ఎలా చూపాలి

మన దేశంలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది పక్కపక్కన గడులు వేయడం. ఒక గడిలో సాధారణ నిధి, మరో గడిలో షరతు నిధులు, మూడో గడిలో మొత్తం. భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ లాభాపేక్ష లేని సంస్థల కోసం ఇచ్చిన సాంకేతిక మార్గదర్శిలో నిధులను ఇలా విడదీసి చూపడమే ఉంది. సామాన్య సభ్యుడికి కూడా ఇదే తేలిగ్గా అర్థమవుతుంది.

రెండోది చాలామంది ఆడిటర్లు వాడేది. షరతు డబ్బు రాగానే దాన్ని ఆదాయంగా చూపరు. నేరుగా ఆస్తి అప్పుల పట్టికలో ఆ నిధి పేరు మీద జమ చేస్తారు. ఖర్చయినప్పుడు, ఖర్చయినంత మేరకే నిధి నుంచి ఆదాయంలోకి తెస్తారు. మన ఉదాహరణలో తెలుగు బడికి వచ్చిన మూడు లక్షల్లో ఈ ఏడాది ఆదాయంగా కనిపించేది 1,20,000 మాత్రమే, స్కాలర్‌షిప్ నిధి నుంచి 60,000. భవన నిధిది ఏమీ ఉండదు. అప్పుడు ఆదాయం 3,80,000, 1,20,000, 60,000 కలిపి రూ. 5,60,000. ఖర్చు రూ. 6,60,000. లోటు లక్ష. పద్ధతి ఏదైనా సాధారణ నిధి లోటు అదే రావాలి. రాకపోతే ఎక్కడో ఒక రసీదు తప్పు నిధిలో పడిందని అర్థం.

చేయకూడని పని ఒకటుంది. వచ్చేటప్పుడు షరతు డబ్బును నేరుగా నిధికి జమ చేసి, ఖర్చును మాత్రం సాధారణ ఖర్చుల్లో కలిపేయడం. అప్పుడు భవన నిధి కాగితం మీద ఎప్పటికీ తరగదు. సాధారణ నిధి మాత్రం లేని లోటు చూపిస్తుంది. ఏళ్ళ తరబడి ఒకే అంకె మీద నిలిచిపోయిన నిధి కనిపిస్తే, మూలనిధి కాని పక్షంలో, ముందు అనుమానించాల్సింది ఇదే.

ఆస్తి అప్పుల పట్టికలో ఎలా సరిచూడాలి

బ్యాలెన్స్ షీటులో ఒక వైపు నిధులు ఉంటాయి. మన ఉదాహరణలో మొత్తం రూ. 20,60,000. రెండో వైపు ఆ నిధులు ఏ రూపంలో ఉన్నాయో ఉంటుంది. మూలనిధి ఎఫ్‌డీ రూ. 10,00,000, భవన నిధి ఎఫ్‌డీ రూ. 6,00,000, పొదుపు ఖాతాలో రూ. 4,60,000. రెండు వైపులా మొత్తం సరిపోయింది. అయితే మొత్తం సరిపోతే చాలదు, నిధికి నిధి సరిపోవాలి.

ఆ పరీక్ష ఇలా చేయండి. పొదుపు ఖాతాలోని 4,60,000లో భవన నిధి మిగులు 50,000, తెలుగు బడి 1,80,000, స్కాలర్‌షిప్ 30,000 తీసేయండి. మిగిలింది 2,00,000. సాధారణ నిధి కూడా అంతే. లెక్క కుదిరింది. ప్రతి షరతు నిధికీ సరిపడా డబ్బు నిజంగా ఉందని దీని అర్థం.

ఇప్పుడు వచ్చే ఏడు గాయకుణ్ణి పిలిచి ఉగాది ఘనంగా చేశారనుకోండి. సాధారణ ఆదాయం ఎప్పటిలాగే 3,80,000, ఖర్చు మాత్రం 7,00,000. లోటు 3,20,000. సాధారణ నిధిలో ఉన్నది రెండు లక్షలే కాబట్టి అది రూ. 1,20,000 మేర మైనస్‌లోకి వెళ్తుంది. చెక్కు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా చెల్లుతుంది. ఎందుకంటే ఆ ఖాతాలో పంతులుగారి జీతం డబ్బు ఉంది. గాయకుడికి ఇచ్చిన పారితోషికంలో లక్షా ఇరవై వేలు దాత తెలుగు బడికి ఇచ్చినవే. ఎవరూ సంతకం చేసి "బడి డబ్బు వాడుకుందాం" అని అనలేదు. ఖాతా ఒకటే కావడం వల్ల అదే జరిగిపోయింది.

నిధులవారీ పట్టిక ఉంటే ఈ మైనస్ అంకె ఆ ఏడే కనిపిస్తుంది. లేకపోతే పంతులుగారికి జీతం ఆగిన రోజున తెలుస్తుంది. అందుకే సాధారణ నిధి మైనస్‌లో ఉంటే దాన్ని కప్పిపుచ్చకుండా "తెలుగు బడి నిధికి సాధారణ నిధి ఇవ్వాల్సినది 1,20,000" అని రాసి, ఎప్పటిలోగా తిరిగి చెల్లిస్తారో తీర్మానంలో పెట్టాలి. అలా రాసినంత మాత్రాన ఆ పని సరైనది అయిపోదు. దాత షరతు అప్పు ఇవ్వడానికి కూడా ఒప్పుకోదు. కానీ జరిగిన నష్టం కాగితం మీద ఉంటేనే పూడ్చే వీలుంటుంది.

భవన నిధి ఖర్చయ్యాక ఏమవుతుంది?

కొన్నాళ్ళకు ఆరు లక్షలు పెట్టి స్థలం కొన్నారనుకుందాం. ఇది ఆదాయ వ్యయ పట్టికలో ఖర్చు కాదు. ఆస్తి వైపున ఎఫ్‌డీ పోయి స్థలం వచ్చింది. నిధుల వైపున భవన నిధి నుంచి ఆరు లక్షలు తీసి "స్థిరాస్తి నిధి" అనో "క్యాపిటల్ ఫండ్" అనో పేరుపెట్టి విడిగా చూపాలి. భవన నిధిలో ఇంకా ఖర్చు కాని 50,000 మాత్రమే మిగులుతుంది.

ఈ ఆరు లక్షలను సాధారణ నిధిలో కలిపేసే అలవాటు చాలా సంఘాల్లో ఉంది. షరతు తీరిపోయింది కదా అన్నది వాళ్ళ వాదన. అలా కలిపితే సాధారణ నిధి రెండు లక్షల నుంచి ఒక్కసారిగా ఎనిమిది లక్షలకు చేరుతుంది. స్థలంతో కరెంటు బిల్లు కట్టలేం. కలపక తప్పదని ఆడిటర్ అంటే, "సాధారణ నిధిలో స్థిరాస్తి రూపంలో ఉన్నది ఇంత, చేతిలో ఉన్నది ఇంత" అని వివరణ రాయమని అడగండి.

దాత మాట మార్చాల్సి వస్తే

తెలుగు బడికి పిల్లలు రావడం మానేశారు, నిధి మిగిలిపోయింది. దాన్ని గ్రంథాలయానికి వాడుకోవచ్చా? కార్యవర్గ తీర్మానం సరిపోదు. దాత ఉంటే ఆయన రాతపూర్వక అంగీకారం తీసుకుని, ఆ ఉత్తరాన్ని ఆ ఏటి లెక్కలతో పాటు దాచాలి. దాత లేకపోయినా, వేలమంది చిన్న చందాలతో పోగైన నిధి అయినా దారి కష్టమవుతుంది. ప్రజా ట్రస్టుల విషయంలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టుకు, మహారాష్ట్రలో అయితే అక్కడి పబ్లిక్ ట్రస్టుల చట్టం ప్రకారం ఛారిటీ కమిషనర్ దారిన వెళ్ళాలి.

ఈ తలనొప్పి రాకుండా రసీదులోనే ఒక వాక్యం అచ్చు వేయించుకోవడం మంచిది: "ఈ నిధి ఉద్దేశించిన పనికి అవసరం లేకపోతే, మిగిలిన మొత్తాన్ని సంఘం విద్యా కార్యక్రమాలకు వాడుకోవడానికి అంగీకరిస్తున్నాను." అలాగే నిర్వహణ ఖర్చుల సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. తెలుగు బడి హాలు అద్దెలో కొంత భాగాన్ని బడి నిధి మీద వేయవచ్చా అంటే, దాత ఒప్పుకుంటేనే. ఇచ్చేటప్పుడు అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. సంవత్సరం చివర లోటు పూడ్చడానికి వేస్తే మాత్రం అది షరతు దాటడమే.

పన్ను లెక్కలో తేడా

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా గుర్తుంచుకోవాలి. లెక్కల పుస్తకంలో షరతు నిధి, పన్ను చట్టంలో మూలనిధి ఒకటి కావు. పన్ను మినహాయింపు కోసం నమోదైన సంస్థ ఏటా తన ఆదాయంలో 85 శాతం ధర్మకార్యాలకు ఖర్చు చేయాలి. 15 శాతం వరకు ఏ షరతూ లేకుండా మిగుల్చుకోవచ్చు. మూలనిధికి అని దాత స్పష్టంగా నిర్దేశించి ఇచ్చిన విరాళం ఈ లెక్కలోకి రాదు. అయితే దాన్ని చట్టం అనుమతించిన ఎఫ్‌డీ వంటి మార్గాల్లో, మూలనిధి పేరున విడిగా పెట్టి ఉంచాలి. "భవనానికి" అని మాత్రమే చెప్పి ఇచ్చిన చందాకు ఈ వెసులుబాటు దానంతట అది రాదు.

మన సంఘానికి ఇది ఎలా తగులుతుందో చూడండి. భవన చందాలకు మూలనిధి ఉత్తరాలు లేవనుకుంటే ఆదాయం పది లక్షలు. 85 శాతం అంటే 8,50,000. ఖర్చయింది 6,60,000. ఇంకా 1,90,000 తక్కువ పడింది. దీన్ని ఫలానా పని కోసం కూడబెడుతున్నామని గడువులోగా ఫారం దాఖలు చేసి, గరిష్ఠంగా అయిదేళ్ళలో ఖర్చు చేయాలి. ఆ ఫారం మరచిపోతే ఆ మొత్తం మీద పన్ను పడుతుంది. అదే 2,30,000 భవన చందాకు దాతలు "మూలనిధికి" అని రాసి ఇచ్చి ఉంటే ఆదాయం 7,70,000 అవుతుంది. అందులో 85 శాతం 6,54,500. ఖర్చు 6,60,000 కాబట్టి సరిపోయింది. వడ్డీ ఇరవై వేలు మాత్రం విరాళం కాదు కనుక ఆదాయంలోనే ఉంది.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో ఇవి 11వ సెక్షన్ కింద ఉండేవి. 2026 ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే సంవత్సరాలకు 2025 నాటి కొత్త చట్టం వర్తిస్తుంది, సెక్షన్ల సంఖ్యలు మారాయి. ఏ ఫారం, ఏ తేదీలోగా అన్నది ఆ ఏటికి ఆడిటర్‌ను అడిగి రాసి పెట్టుకోండి.

మహారాష్ట్ర ఫారాలు, విదేశీ విరాళాలు

షోలాపూర్, పుణె, ముంబయిల్లో ప్రజా ట్రస్టులుగా నమోదైన మన సంఘాలకు లెక్కల ఫారం చట్టమే ఇచ్చింది. 1951 నాటి నియమాల్లో ఎనిమిదో షెడ్యూల్ బ్యాలెన్స్ షీటు, తొమ్మిదో షెడ్యూల్ ఆదాయ వ్యయ పట్టిక. ఎనిమిదో షెడ్యూల్‌లో మొదటే ట్రస్టు నిధి లేక కార్పస్, దాని కింద ఇతర ప్రత్యేక నిధులు, ఆపైన ఆదాయ వ్యయ ఖాతా నిల్వ వేర్వేరు శీర్షికలుగా ఉంటాయి. అందువల్ల అక్కడి సభ్యులు పాత లెక్కలు తీసి చూస్తే నిధుల విభజన కొంతవరకు దొరుకుతుంది. ఒక జాగ్రత్త ఏమిటంటే, ఆ "ప్రత్యేక నిధులు" అనే శీర్షిక కింద దాతల షరతు నిధులు, ట్రస్టు తన ఆదాయం నుంచి తీసిపెట్టుకున్న నిధులు రెండూ కలిసి ఉండవచ్చు. ఏది ఏదో పక్కన రాయించాలి.

పిల్లలు విదేశాల్లో స్థిరపడిన కుటుంబాలు ఇచ్చే విరాళాల్లో షరతు పెట్టేది చట్టమే. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి, మామూలు బ్యాంకు మార్గంలో పంపినది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే, వారికి ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ముందుగా ఉండాలి. డబ్బు న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచి స్టేట్ బ్యాంకులోని నిర్ణీత ఖాతాకే రావాలి. లెక్కలు విడిగా ఉండాలి. అందులో పరిపాలన ఖర్చులు 20 శాతం మించకూడదు. అనుమతి లేని సంఘం అటువంటి డబ్బును సాధారణ ఖాతాలో జమ చేసుకోకూడదు.

కలిసిపోయిన పాత లెక్కను విడదీయడం

ఇన్నాళ్ళూ ఒకే లెక్కగా నడిచిన సంఘం కూడా దీన్ని మొదలుపెట్టవచ్చు. రసీదు పుస్తకాల నకళ్ళు, పాత కరపత్రాలు, దాతల ఉత్తరాలు, సమావేశాల మినిట్స్ ముందు పెట్టుకుని, ఒక్కో షరతు నిధికి మొదటి నుంచి వచ్చింది ఎంత, ఆ పనికి ఖర్చయింది ఎంత అని రాయండి. తేడాయే ఆ నిధి నిల్వ. అన్ని షరతు నిధుల నిల్వలు కలిపి బ్యాంకు, ఎఫ్‌డీల మొత్తం నుంచి తీసేయండి. చెల్లించాల్సిన బిల్లులేవైనా ఉంటే అవీ తీసేయండి. మిగిలేది సంఘం చేతిలోని స్వేచ్ఛా డబ్బు. అది మైనస్ వస్తే, ఏ నిధి ఎంత వాడబడిందో సర్వసభ్య సమావేశానికి చెప్పి, తిరిగి నింపే ఏర్పాటు చేయాలి.

ఇక ముందుకు రసీదు పుస్తకంలో "ఏ నిధికి" అన్న గడి ఉండాలి. ఖాళీగా వదిలితే సాధారణ నిధి అని అడుగున అచ్చు వేయించాలి. ఖర్చు వోచర్ మీద కూడా అదే గడి ఉండాలి. ప్రతి నిధికీ బ్యాంకు ఖాతా వేరుగా తెరవనక్కర లేదు, చిన్న సంఘానికి అది భారం. మూలనిధి ఎఫ్‌డీ మాత్రం తప్పకుండా విడిగా ఉండాలి. మిగతావి ఒకే ఖాతాలో ఉన్నా, మూడు నెలలకోసారి పైన చెప్పిన పరీక్ష చేసి కార్యవర్గం ముందు పెడితే సరిపోతుంది.

సభ్యులుగా మీరు ఆడిట్ విద్య నేర్చుకోనక్కర లేదు. అచ్చువేసిన నివేదిక చేతికి రాగానే రెండు అంకెలు అడగండి: మార్చి 31 నాటికి సాధారణ నిధి ఎంత, షరతు నిధులన్నీ కలిపి ఎంత? ఆ రెండు అంకెలు నివేదికలో లేకపోతే, వచ్చే ఏటి నుంచి నిధులవారీ పట్టిక జతచేయాలని తీర్మానం ప్రతిపాదించండి. పై పట్టికలో ఉన్నవి ఆరు వరుసలే. ఏ కోశాధికారి అయినా ఒక పూటలో తయారు చేయగలరు.